సీసా నీళ్లకీ సంస్కృతికీ లంకె ఎంత?

ఇటలీ, జర్మనీ, బెల్జియంలలో జనం సీసా నీళ్లు బాగా కొంటారు. స్వీడన్, డెన్మార్క్‌లలో అంతగా కొనరు. కుళాయి నీళ్లు అన్నిచోట్లా శుభ్రమైనవే, డబ్బుకీ ఎక్కడా కొదవ లేదు. మరి తేడా ఎందుకొచ్చింది? డచ్ పరిశోధకుడు గీర్ట్ హాఫ్‌స్టెడె సిద్ధాంతం ప్రకారం, ఏం జరుగుతుందో తెలియనితనాన్ని ఓర్చుకోలేని సమాజాలు ‘స్వచ్ఛం’ అన్న భరోసాకి డబ్బు పెడతాయి. ఈ అనిశ్చితి భయం మీద ఆయన లెక్కలో బెల్జియంకి 94, ఇటలీకి 75, డెన్మార్క్‌కి 23. ఈ ఉదాహరణ వరకు వాదన నాకు బలంగానే కనిపిస్తుంది.

ఇదే కొలతలో భారతదేశానికి వచ్చింది 40. అంటే మనం నీళ్ల గురించి పెద్దగా టెన్షన్ పడకూడదు. కానీ ఆంధ్ర సరిహద్దులోని ఒడిశా ఊరు పర్లాకిమిడిలో ఏ పెళ్లికైనా, ఏ ఆఫీసుకైనా ఇరవై లీటర్ల క్యాన్లు దిగాల్సిందే. దీనికి సంస్కృతి దాకా పోనక్కర్లేదు. కుళాయి నీళ్ల మీద నమ్మకం లేదు, క్యాన్ ధర అందుబాటులో ఉంది, ఆటోలో గుమ్మం ముందుకే తెచ్చి ఇస్తారు. నీటి సరఫరా, ధర, ఆదాయం సమానంగా ఉన్నచోటే మిగిలిన తేడాని సంస్కృతి ఖాతాలో వేయగలం. వినియోగదారుల ప్రవర్తన మీద రాసే వ్యాసాల్లో చాలావరకు ఈ షరతును దాటేసి నేరుగా స్కోరు పట్టుకుంటాయి.

అసలు ఆ స్కోర్లు ఎక్కడివి? 1967 నుంచి 1973 మధ్య ఐబీఎం ఉద్యోగుల నుంచి తీసుకున్న లక్షకు పైగా ప్రశ్నపత్రాల నుంచి 1980లో హాఫ్‌స్టెడె నాలుగు కొలతలు ప్రకటించాడు: అధికార దూరం, వ్యక్తివాదం, పురుషత్వం, అనిశ్చితి భయం. దీర్ఘకాల దృష్టి, భోగాసక్తి తర్వాత చేరాయి. అధికార దూరం అంటే పెద్దాచిన్నా అంతరాన్ని జనం ఎంతవరకు ఒప్పుకుంటారన్నది, భోగాసక్తి అంటే కోరికలు తీర్చుకోవడానికి సమాజం ఎంత చోటిస్తుందన్నది. అందరూ ఒకే కంపెనీ వాళ్లు కాబట్టి మిగిలేది దేశాల మధ్య తేడాయేనని ఆయన వాదన. అది కొట్టిపారేయదగ్గది కాదు. అయితే 2002లో పరిశోధకుడు బ్రెండన్ మెక్‌స్వీనీ మొత్తం కాకుండా దేశాలవారీ లెక్క అడిగాడు. పాకిస్తాన్ నుంచి రెండు విడతల్లో కలిపి 107 మందే. ఆ కాలంలో ఐబీఎంలో కొలువు చేసే మనిషి మన పక్క సంతలో బేరమాడే మనిషికి ప్రతినిధి ఎలా అవుతాడన్నది వేరే సంగతి.

దేశాన్ని ఒక్క ముద్దగా చూడటం ఇంకా పెద్ద చిక్కు. పర్లాకిమిడి 1936లో మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఒడిశాకి వెళ్లింది. పక్కనే ఉన్న పాతపట్నం ఇవతలే, ఇప్పటి ఆంధ్రలో ఉండిపోయింది. పర్లాకిమిడి బజారు బట్టల కొట్టుకి తెలుగువాళ్ల ఇళ్ల నుంచి గిరాకీ సంక్రాంతికి వస్తుంది, ఒడియా ఇళ్ల నుంచి జూన్‌లో రొజో పండక్కి. కొట్టువాడికి కావలసింది ఈ లెక్క. భోగాసక్తిలో భారతదేశానికి 26 మాత్రమే అని చెబితే, ఏడాదంతా చెయ్యి బిగించి పండక్కి ఒక్కసారిగా ఖర్చు పెట్టే ఇల్లు అందులో ఎక్కడుంటుంది? సాంస్కృతిక విలువల్లోని తేడాల్లో సుమారు 80 శాతం దేశాల లోపలే ఉంటాయని తారాస్, స్టీల్, కిర్క్‌మన్ అనే పరిశోధకులు 2016లో తేల్చారు. దేశం స్కోరును ఒక మనిషికి అంటగట్టకూడదని హాఫ్‌స్టెడె తానే హెచ్చరించాడు కూడా. ఆయన్ని తిట్టేవాళ్లూ ఆయన్ని వాడుకునేవాళ్లూ ఇద్దరూ ఆ మాట మర్చిపోతారు.

నాకు మరింత ఇబ్బందిగా తోచేది ఈ స్కోర్లతో దేన్నైనా తర్వాత సమర్థించవచ్చు అన్నది. ఒకావిడ కూతురి పెళ్లికి గొలుసు కొంది. దీర్ఘకాల దృష్టి అనవచ్చు, ఆస్తి కూడబెడుతోంది కాబట్టి. అనిశ్చితి భయం అనవచ్చు, రేపటికి ధైర్యం కాబట్టి. అధికార దూరం 77 కదా, నలుగురిలో హోదా కోసం అనీ అనవచ్చు. కొనకపోయి ఉంటే, భోగాసక్తి 26 ఉండనే ఉంది. ఎటు జరిగినా ఒప్పే అయ్యే వివరణని పరీక్షించేదెలా?

అలాగే కిరాణా కొట్టు. “బాబాయ్, ఏ సబ్బు బాగుంటుంది?” అని అడిగి, ఆయన తీసిచ్చిందే పట్టుకెళ్లే వాళ్లని చూసి పెద్దల మాట వినే సమష్టి సంస్కృతి అని రాసేస్తారు. ఆ ఇంటికి బాబాయ్ దగ్గర అరువు ఖాతా ఉందేమో ముందు అడగాలి. ఉంటే వేరే బ్రాండు కోసం పట్టుబట్టడం కష్టం. అదే ఇంట్లో జీతం తెచ్చుకునే కొడుకు ఫోన్లో నాలుగు రివ్యూలు చదివి షాంపూ ఆర్డర్ పెడతాడు. ఇద్దరిదీ ఒకే దేశం, ఒకే వంట గది.

కాబట్టి పర్లాకిమిడి కొనుగోలుదారుని ఇటలీలోని మిలాన్ కొనుగోలుదారుతో పోల్చే వ్యాసంలో ఆదాయం, అప్పు, సరఫరా, మాతృభాష ముందు రావాలి. వాటి తర్వాత కూడా తేడా మిగిలితే, అప్పుడు 40నీ 75నీ పక్కపక్కన పెట్టవచ్చు, అదీ ఊహగానే.