ఇళ్లు పెరిగితే ఎర్రర్ ఎందుకు తగ్గింది?

హర్షిత: మేడమ్, బెంగళూరు మారతహళ్ళి అద్దెల డేటాలో వైశాల్యాన్ని బట్టి అద్దె ఎంత పెరుగుతుందో చెప్పే గీత గీశాను. 25 ఇళ్లకు దాని స్లోప్ స్టాండర్డ్ ఎర్రర్, అంటే ఆ వాలు అంచనా ఎంత అటూఇటూ కావచ్చో, 267 రూపాయలు. 100 ఇళ్లకు 133. చెల్లాచెదురు తగ్గిందా?

మేడమ్: లేదు. రెండింటిలోనూ s చూడు, అంటే అద్దెలు గీత నుంచి మామూలుగా ఎంత దూరంలో ఉన్నాయో.

హర్షిత: రెండుసార్లూ సుమారు 4,000.

మేడమ్: అంటే ఇళ్లు మామూలుగా గీతకు అంతే దూరంగా ఉన్నాయి. ఇప్పుడు ఫార్ములాలో కింది భాగం చూడు:

```
SE = s / √Σ(x − x̄)²
```

x అంటే వైశాల్యం, వందల చదరపు అడుగుల్లో; x̄ దాని సగటు. దాని విస్తృతి, అంటే ప్రామాణిక విచలనం, 3 అనుకో. ఒక్కో ఇల్లు ఆ మొత్తానికి సగటున 9 కలుపుతుంది.

హర్షిత: 25 ఇళ్లకు 225, వర్గమూలం 15. 4,000ని 15తో భాగిస్తే 267! 100 ఇళ్లకు 900, మూలం 30.

మేడమ్: అదీ సంగతి. ఇళ్లు నాలుగింతలైతే ఎర్రర్ సగమే అవుతుంది, పావు కాదు. ఒక ఇంటి అద్దె గీతను పైకి లాగితే ఇంకోటి కిందికి లాగుతుంది. ఆ పొరపాట్లు చాలావరకు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి.

హర్షిత: అయితే ఒకే అపార్ట్‌మెంట్‌లో 100 ఫ్లాట్లు తీసుకుంటే సులువు కదా?

మేడమ్: అక్కడే దెబ్బతింటాం. అన్నీ దాదాపు ఒకే సైజు. విస్తృతి 0.2 అయితే మొత్తం 4, మూలం 2. ఎర్రర్ 2,000కి ఎగబాకుతుంది. పైగా ఒకే భవనం అద్దెలు కలిసి పెరిగి కలిసి తగ్గుతాయి, ఈ ఫార్ములా వాటిని విడివిడి సమాచారంగా లెక్కేస్తుంది.

హర్షిత: మరి ఆ 25 వరుసల్నే నాలుగుసార్లు కాపీ చేస్తే?

మేడమ్: సాఫ్ట్‌వేర్ దాదాపు సగం ఎర్రర్ చూపిస్తుంది. కానీ కొత్తగా ఒక్క ఇల్లూ చూడలేదుగా, ఆ అంకెను నమ్మకు.