ఏ కస్టమర్ మీద మనకు ఎంత మిగులుతోంది: ఏప్రిల్–సెప్టెంబర్ 2024

భాగస్వాములకు, అకౌంట్స్ విభాగం నుంచి.

మన పొడులు, పచ్చళ్లు ఎక్కువగా కొనేది విజయవాడ సూపర్‌మార్కెట్ చైన్. మార్జిన్ శాతం కూడా వాళ్ల దగ్గరే ఎక్కువ. అయినా ఆరు నెలల్లో వాళ్ల మీద మిగిలింది దాదాపు ఏమీ లేదు. తెనాలి హోల్‌సేల్ షాపు అందులో సగం సరుకు కూడా కొనకుండానే ఏడు రెట్లు మిగిల్చింది.

లెక్క కట్టిన తీరు ఇది. ఆర్డర్ తీసుకోవడం, ట్యాలీలో ఎక్కించడం, బిల్లు, ప్యాకింగ్ స్లిప్ పనికి ఆరు నెలల్లో రూ. 2,40,000 అయింది. 1,200 ఆర్డర్లకు పంచితే ఒక్కోదానికి రూ. 200. వ్యాన్ ఖర్చు రూ. 3,60,000, ట్రిప్పులు 400, అంటే ట్రిప్పుకు రూ. 900. వాపసు సరుకును లెక్కపెట్టడం, బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ చూడడం, క్రెడిట్ నోట్ ఇవ్వడం: రూ. 84,000, 120 వాపసులు, ఒక్కోదానికి రూ. 700. పాడైన సరుకు విలువను మార్జిన్‌లో ముందే తీసేశాం.

| | చైన్ | తెనాలి షాపు | గుంటూరు హాస్టల్ మెస్ |
|---|---|---|---|
| అమ్మకాలు | 18,00,000 | 7,50,000 | 5,00,000 |
| మార్జిన్ | 2,88,000 | 90,000 | 70,000 |
| ఆర్డర్లు (310 / 26 / 48) | 62,000 | 5,200 | 9,600 |
| ట్రిప్పులు (190 / 12 / 24) | 1,71,000 | 10,800 | 21,600 |
| వాపసులు (64 / 2 / 0) | 44,800 | 1,400 | 0 |
| మిగిలింది (రూ.) | 10,200 | 72,600 | 38,800 |

చైన్‌కు 60 రోజుల అరువు ఇస్తున్నాం. ఆగిపోయే రూ. 6 లక్షల మీద 12 శాతం వడ్డీ ఆరు నెలలకు రూ. 36,000. అదీ కలిపితే రూ. 25,800 నష్టం.

కారణం వాళ్ల 11 స్టోర్లు ఎవరికి వాళ్లు ఆర్డర్ పెట్టడమే. సెప్టెంబర్ 14న బెంజ్ సర్కిల్ స్టోర్‌కు రూ. 3,800 సరుకు కోసమే వ్యాన్ వెళ్లింది. మార్జిన్ రూ. 608, ఆర్డర్, ట్రిప్పు ఖర్చు రూ. 1,100. వెనక గేటు దగ్గర సరుకు దించుకునేవాళ్లు లేక డ్రైవర్ గంటన్నర నిలబడ్డాడు. ట్రిప్పుకు రూ. 900 అన్నది సగటు మాత్రమే. విజయవాడకు నిజంగా అంతకన్నా ఎక్కువే అవుతుంది, ఊళ్లోని హాస్టల్‌కు తక్కువ.

అలాగని చైన్‌ను వదులుకోవద్దని నా గట్టి అభిప్రాయం. వదిలేస్తే డీజిల్ మిగులుతుంది కానీ డ్రైవర్ జీతం, వ్యాన్ ఈఎంఐ ఎక్కడికీ పోవు. పైగా రూ. 2,88,000 మార్జిన్ మొత్తం పోతుంది. మార్చాల్సింది షరతులు: అన్ని స్టోర్ల ఆర్డర్లూ కలిపి వారానికి రెండు రోజులే డెలివరీ, స్టోర్‌కు కనీసం రూ. 8,000 ఆర్డర్, వాపసు నెలకు ఒక్కసారి, అదీ డెలివరీకి వెళ్లిన వ్యాన్‌లోనే. ఖాళీ అయ్యే ట్రిప్పులను తెనాలి వైపు కొత్త షాపులకు వాడుకోవచ్చు.

చైన్ కొనుగోలు మేనేజర్‌తో మాట్లాడేందుకు అక్టోబర్ 21 మీటింగులో మీ అనుమతి కావాలి.