క్యాష్ ప్రాబ్లమ్‌లో మార్కులు ఎక్కడ పోయాయి: బీ సెక్షన్‌కు ఉత్తరం

భీమవరం,
అక్టోబర్ 14

సెకండ్ ఇయర్ సీఎస్ఈ, బీ సెక్షన్ వాళ్ళందరికీ,

మొన్నటి మిడ్‌లో నాలుగో ప్రశ్న, అదే క్యాష్ ప్రాబ్లమ్, దిద్దడం నిన్న రాత్రికి పూర్తయింది. 63 పేపర్లు. పదికి పది తెచ్చుకున్నవాళ్ళు నలుగురు. పేపర్లు గురువారం ల్యాబ్‌లో ఇస్తాను. పేపర్ చేతికి వచ్చిందంటే అందరి కళ్ళూ మార్కు మీదకే పోతాయి, తప్పు ఎక్కడ జరిగిందో చూసే ఓపిక అప్పుడు ఉండదు. అందుకే ఈ ఉత్తరం రెండు రోజులు ముందు రాస్తున్నాను. పక్కన కాగితం, పెన్ను పెట్టుకుని చదవండి.

ముందు ప్రశ్న మరోసారి. మెయిన్ మెమొరీ 1 ఎంబీ, బైట్ అడ్రసబుల్. క్యాష్ 16 కేబీ, బ్లాక్ 32 బైట్లు, 4-వే సెట్ అసోసియేటివ్, రైట్-బ్యాక్, ఎల్‌ఆర్‌యూ. (ఎ) ట్యాగ్, ఇండెక్స్, ఆఫ్‌సెట్ ఎన్నెన్ని బిట్లు? (బి) వాలిడ్, డర్టీ బిట్లు కలుపుకుని ట్యాగ్‌ల కోసం ఎంత మెమొరీ కావాలి? ఎల్‌ఆర్‌యూ బిట్లు లెక్కలోకి తీసుకోవద్దు. (సి) కింది కోడ్ నడిస్తే ఎన్ని మిస్‌లు? (డి) హిట్ టైమ్ 2 ns, మిస్ పెనాల్టీ 80 ns అయితే సగటు యాక్సెస్ టైమ్ ఎంత?

```c
int a[64][64];          /* 0x40000 */
for (j = 0; j < 64; j++)
    for (i = 0; i < 64; i++)
        sum += a[i][j];
```

int 4 బైట్లు. i, j, sum రిజిస్టర్లలో ఉన్నాయి. క్యాష్ మొదట ఖాళీ.

(ఎ)లో పోయిన మార్కులు చూస్తే నాకు నిజంగా బాధేసింది. అవి తెలియక పోయినవి కావు. చాలామంది అడ్రస్ 32 బిట్లు అని మొదలుపెట్టారు. క్లాసులో చేసిన లెక్కలో 32 ఉంది, ఇక్కడ లేదు. 1 ఎంబీ అంటే 2^20 బైట్లు, కాబట్టి అడ్రస్ 20 బిట్లు. ఇంకొందరు బ్లాక్‌లో ఎనిమిది int లు పడతాయి కాబట్టి ఆఫ్‌సెట్ 3 బిట్లు అన్నారు. ఎనిమిది పడతాయన్నది నిజమే. కానీ మెమొరీ బైట్ అడ్రసబుల్, ప్రతి బైట్‌కీ ఒక అడ్రస్ ఉంది. 32 బైట్లలో ఏ బైటో చెప్పాలంటే 5 బిట్లు కావాల్సిందే.

అన్నిటికంటే ఎక్కువ మంది చేసిన తప్పు ఇండెక్స్‌ది. 16 కేబీని 32తో భాగిస్తే 512 లైన్లు వచ్చాయి, 512 అంటే 2^9, ఇండెక్స్ 9 అని అక్కడే ఆపేశారు. ఇండెక్స్ చెప్పేది లైన్ నంబరు కాదు, సెట్ నంబరు. ఒక్కో సెట్‌లో నాలుగు లైన్లు, కాబట్టి 512 / 4 = 128 సెట్లు, 7 బిట్లు. ట్యాగ్ 20 - 7 - 5 = 8. ఒక పేపర్‌లో 16 కేబీని 16000గా తీసుకుని, 500 లైన్లు అని, లాగ్ వేసి 8.96ని 9 చేశారు. బిట్ల లెక్కలో మీకు దశాంశం కనిపించిందంటే అక్కడే ఆగిపోయి వెనక్కి వెళ్ళండి. మన సిలబస్‌లో సైజులన్నీ రెండు యొక్క ఘాతాలే.

(బి) త్వరగా చెప్పేస్తాను. లైన్‌కి ఒక ట్యాగ్. 8 ట్యాగ్ బిట్లు, ఒక వాలిడ్, ఒక డర్టీ, మొత్తం 10. 512 × 10 = 5120 బిట్లు, అంటే 640 బైట్లు. సెట్‌కి ఒక్క ట్యాగే అనుకుని 1280 రాసినవాళ్ళు ఒక్క నిమిషం ఆలోచించండి: సెట్‌లో ఉన్న నాలుగు బ్లాకులూ మెమొరీలో నాలుగు వేర్వేరు చోట్ల నుంచి వచ్చాయి కదా, ఒక్క ట్యాగ్‌తో ఏది ఎక్కడిదో ఎలా తెలుస్తుంది? 5120 బైట్లు అని రాసినవాళ్ళు ఏడుగురు. బిట్లు, బైట్లు ప్రతి లైన్‌లోనూ అంకె పక్కనే రాయడం అలవాటు చేసుకోండి.

(ఎ)లో తప్పు పోయి, ఆ తప్పు అంకెతోనే (బి) సరిగ్గా చేసినవాళ్ళకి (బి)కి పూర్తి మార్కులు ఇచ్చాను. ఒకే తప్పుకి రెండుసార్లు మార్కులు తీయలేదు.

ఇక (సి). ఈ ఉత్తరం రాయాలనిపించింది దీని వల్లే. సగం పైన పేపర్లలో ఒకే వాక్యం ఉంది: "కాలమ్ వైజ్ యాక్సెస్ కాబట్టి ప్రతిదీ మిస్, 4096 మిస్‌లు." కొందరు దాని కింద గీత కూడా గీశారు. కాలమ్ వైజ్‌గా వెళితే క్యాష్‌కి మంచిది కాదని మీకు చెప్పింది మేమే. అది చాలాసార్లు నిజం. కానీ ఎందుకు నిజమో చూడకుండా మాట మాత్రమే పట్టుకుంటే ఇలా అవుతుంది.

ఒక్క అడ్రస్ చేత్తో విడగొట్టి చూద్దాం. ఆఫ్‌సెట్ 5, ఇండెక్స్ 7, కలిపితే 12 బిట్లు, అంటే హెక్స్‌లో చివరి మూడు అంకెలు. మొదటి రెండు అంకెలూ ట్యాగ్. లెక్క ఇంత తేలిక కావాలనే ఆ సైజులు ఇచ్చాం. `a[0][0]` ఉన్నది 0x40000లో: ట్యాగ్ 40, సెట్ 0. ఒక వరుస 64 × 4 = 256 బైట్లు, హెక్స్‌లో 0x100. కాబట్టి `a[1][0]` 0x40100లో ఉంది. 0x100ని 32తో భాగిస్తే 8, అంటే సెట్ 8. `a[2][0]` సెట్ 16. అలా ఎనిమిదేసి దాటుకుంటూ `a[15][0]` సెట్ 120కి చేరుతుంది. `a[16][0]` అడ్రస్ 0x41000. ట్యాగ్ 41, మళ్ళీ సెట్ 0. `a[32][0]` 0x42000, `a[48][0]` 0x43000, అవీ సెట్ 0కే వస్తాయి. అంటే సెట్ 0లో 40, 41, 42, 43 ట్యాగ్‌లున్న నాలుగు బ్లాకులు చేరాయి. సెట్‌లో ఉన్నవి నాలుగు చోట్లు. సరిగ్గా సరిపోయింది, ఎవర్నీ బయటికి పంపాల్సిన పని లేదు.

ఇప్పుడు j = 1. `a[0][1]` అడ్రస్ 0x40004. ట్యాగ్ 40, సెట్ 0, ఆఫ్‌సెట్ 4. ఆ బ్లాక్ లోపలే ఉంది. హిట్. బస్తాలోంచి ఒక్క గింజ అడిగినా బస్తా మొత్తం దించుతారు, తర్వాతి ఏడు గింజలకి మళ్ళీ గోడౌన్‌కి వెళ్ళక్కర్లేదు. j = 1 నుంచి 7 వరకు ప్రతిదీ హిట్. j = 8 దగ్గర అడ్రస్ 0x40020, సెట్ 1, కొత్త బ్లాక్, మిస్. అంటే ఎనిమిది కాలమ్‌లకి ఒకసారి 64 మిస్‌లు. ఎనిమిది విడతలు, 8 × 64 = 512 మిస్‌లు. 4096 యాక్సెస్‌లలో 512, మిస్ రేట్ 12.5 శాతం.

ఇదే జవాబుకి ఇంకో దారి కూడా ఉంది. అర్రే సైజు 64 × 64 × 4 = 16 కేబీ, క్యాష్ కూడా 16 కేబీ, అర్రే ఒకే ముక్కగా సరిహద్దు మీదే మొదలైంది. మొత్తం అర్రే క్యాష్‌లో పడుతుంది కాబట్టి 512 బ్లాకులూ ఒక్కొక్కసారే లోపలికి వస్తాయి. ఏ క్రమంలో చదివినా అంతే. ముగ్గురు ఇలా రెండే లైన్లలో రాశారు. ఆ మూడు పేపర్లు చదువుతుంటే ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

మరి మీరు విన్న మాట ఎప్పుడు నిజమవుతుంది? అర్రేని `a[128][64]` చేయండి. అప్పుడు ఒక కాలమ్‌లో 128 బ్లాకులు, అవి వచ్చి పడేది అవే 16 సెట్లలో, సెట్‌కి ఎనిమిది. చోట్లు నాలుగే. ఐదోది రాగానే ఎల్‌ఆర్‌యూ మొదటిదాన్ని పంపేస్తుంది. తర్వాతి కాలమ్‌కి మనం వెతికేది సరిగ్గా ఆ మొదటిదాన్నే. ప్రతిసారీ అదే జరుగుతుంది, 8192కి 8192 మిస్‌లు. వరుసలవారీగా చదివితే 1024 మాత్రమే. ఎల్‌ఆర్‌యూ పాత్ర ఇక్కడే తెలుస్తుంది. సెట్ 0ని కాగితం మీద నాలుగు గళ్ళుగా గీసి ట్యాగ్‌లు రాసుకుంటూ, కొట్టేసుకుంటూ రండి.

(డి)లో ఎక్కువమంది రాసింది 0.875 × 2 + 0.125 × 80 = 11.75 ns. సరైన జవాబు 2 + 0.125 × 80 = 12 ns. తేడా పావు నానోసెకనే, కానీ దాని వెనక ఆలోచన తప్పు. మీలో కొందరు సఖినేటిపల్లి నుంచి రోజూ పంటు దాటి వస్తున్నారు కాబట్టి ఇది చెప్తాను. ఒక మందు కావాలి. ముందు మీ ఊళ్ళో మందుల షాపుకి వెళ్ళి అడుగుతారు. లేదంటే పంటు ఎక్కి నరసాపురం వెళ్తారు. నరసాపురం వెళ్ళిన రోజున ఊళ్ళో షాపులో అడిగిన సమయం మిగిలిపోదు కదా? ఆ 2 ns హిట్ అయినా మిస్ అయినా ఖర్చవుతుంది. మిస్ పెనాల్టీ అంటే దాని మీద అదనంగా పడే సమయం. ఆ సూత్రమే వాడాలనుకుంటే రెండో భాగంలో 80 బదులు 82 పెట్టండి, అప్పుడూ 12 వస్తుంది.

ఒకరు 12.5 శాతాన్ని 12.5గానే వేసి 1002 ns తెచ్చారు. క్యాష్ లేకుండా నేరుగా మెమొరీకి వెళ్ళినా 80 ns దరిదాపుల్లోనే అయిపోతుంది. జవాబు రాశాక ఒక్కసారి దాన్ని 2తోనూ 82తోనూ పోల్చి చూడండి. ఈ లెక్కలో ఆ రెండింటి మధ్యే ఉండాలి.

మీలో ఒకమ్మాయి పరీక్ష అయ్యాక వరండాలో ఆపి, "అక్కా, ఫార్ములాలన్నీ వచ్చు, అయినా హాల్లో టెన్షన్‌తో ఏది ఎక్కడ పెట్టాలో తెలియలేదు" అంది. అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను. ఇప్పుడు చెప్తాను. ఫార్ములా గుర్తు చేసుకోవడంతో మొదలుపెట్టొద్దు. ప్రశ్నలో ఉన్న ఒక అడ్రస్ తీసుకుని బిట్లుగా రాసి, ట్యాగ్, ఇండెక్స్, ఆఫ్‌సెట్ విడిపోయేలా రెండు గీతలు పెట్టండి. దానికి ఐదు నిమిషాలు పడుతుంది, కానీ నలుగురు పదికి పది తెచ్చుకున్న పేపర్లలో మూడింట్లో ఆ గీతలు ఉన్నాయి. గేట్‌కి చదివేవాళ్ళు మరీ జాగ్రత్త. అక్కడ న్యూమరికల్ ఆన్సర్ ప్రశ్నకి స్టెప్ మార్కులు లేవు, చివరి అంకె తప్పితే ఏమీ రాదు.

గురువారానికి రెండు పనులు. `a[65][64]` తీసుకుని, మిగతావన్నీ అలాగే ఉంచి, కాలమ్ వైజ్‌గా చదివితే సెట్ 0లో ఏం జరుగుతుందో రాసుకురండి. ఒక్క వరుసే పెరిగింది కదా అని తేలిగ్గా తీసుకోవద్దు. రెండోది, ల్యాబ్‌లో లైనక్స్ మెషీన్ ముందు కూర్చోగానే ఇది టైప్ చేసి, వచ్చిన అంకెని నోట్ చేసుకోండి:

```
getconf LEVEL1_DCACHE_LINESIZE
```

చాలావరకు 64 వస్తుంది, అంటే అసలు మెషీన్‌లో ఆఫ్‌సెట్ 6 బిట్లు.

మార్కుల్లో అనుమానం ఉంటే పేపర్ తీసుకుని శుక్రవారం మూడు గంటల తర్వాత స్టాఫ్ రూమ్‌కి రండి. కూడికలో నా పొరపాటు ఉంటే వెంటనే సరిచేస్తాను. నాలుగో ప్రశ్న అసలు ముట్టుకోని ఐదుగురూ మాత్రం అనుమానం లేకపోయినా రండి, కలిసి మొదటి నుంచి చేద్దాం.

మీ టీఏ,
కంప్యూటర్ ఆర్గనైజేషన్