శ్రావణి తలనొప్పి కాగితం: మొదలైన నిమిషం నుంచి ఏం చేయాలి, ఎప్పుడు ఆస్పత్రికి పరిగెత్తాలి

శ్రావణీ, దీన్ని మందుల డబ్బా మూతకి లోపలివైపు అతికించు. నొప్పి మొదలయ్యాక నీకు అక్షరాలు చూడబుద్ధి కాదు కాబట్టి చదివే పని కిరణ్‌ది. కిరణ్, లైటు ఆర్పేసి, ఫోను వెలుతురు తన మొహం మీద పడకుండా పట్టుకుని, గొంతు తగ్గించి చదువు. పదిహేనేళ్లుగా నేనూ ఈ మైగ్రేన్ అనే ఒంటి తలనొప్పి పడుతున్నదాన్నే, చేసేది న్యూరాలజీ వార్డులో నర్సు ఉద్యోగం. అందుకే ఇందులో కొంత పుస్తకంలోది, కొంత మంచం మీద పడి నేర్చుకున్నది.

మందు డబ్బా తెరిచే ముందు

కిరణ్, తనని ఒక్క మాట అడుగు: "ఇది ఎప్పుడూ వచ్చేదేనా?" ఆవులింతలు, మెడ పట్టేయడం, తర్వాత ఎడమ కణత దగ్గర పోటు, వెలుతురు పడకపోవడం, వికారం. శ్రావణికి వచ్చే వరస ఇది. ఇదే వరసలో, మెల్లగా పెరుగుతూ వస్తుంటే కింది మెట్లు మొదలుపెట్టు. "కాదు, ఇది వేరేగా ఉంది" అంటే, లేదా ఒక్క దెబ్బకి నెత్తిన పిడుగు పడ్డట్టు వచ్చిందంటే, మాట తడబడుతుంటే, చెయ్యో కాలో పడిపోతుంటే, జ్వరం ఉంటే మధ్యలోది వదిలేసి నేరుగా చివరి భాగానికి వెళ్లు.

మొదటి పావుగంట

టైం చూసి రాసి పెట్టు. ఆ తర్వాత చేయాల్సిందల్లా దాని మీదే లెక్క.

మాత్ర ఇప్పుడే వేసుకోవాలి. మన ఇంట్లో అందరికీ మాత్ర మింగడమంటే ఓడిపోయినట్టే. "ఇంకాసేపు చూద్దాం" అని నేను ఎన్ని సాయంత్రాలు పోగొట్టుకున్నానో! మైగ్రేన్ వచ్చినప్పుడు తలతో పాటు పొట్ట కూడా మొరాయిస్తుంది. లోపలికి వెళ్లింది ముందుకు కదలదు. రెండు గంటలు ఓర్చుకుని అప్పుడు వేసుకున్న మాత్ర కడుపులోనే కూర్చుంటుంది, లేదా వాంతిలో బయటికొస్తుంది. నొప్పి ఇంకా చిన్నగా ఉన్నప్పుడు, మొదటి గంటలోపే వేసుకుంటేనే దానికి పని చేసే అవకాశం.

నీకు డాక్టరు రాసినవి మూడు. నాప్రాక్సెన్ 500 ఒకటి, ఏదైనా కాస్త తిని, నిండు గ్లాసు నీళ్లతో. వికారం మొదలైతే డోంపెరిడోన్ 10, నాప్రాక్సెన్‌కి కాస్త ముందు గానీ, దాంతో పాటు గానీ. మూడోది రిజాట్రిప్టాన్ 10, నాలుక మీద కరిగేది. దీనికి నీళ్లు అక్కర్లేదు కాబట్టి గుక్క నీళ్లు కూడా దిగనప్పుడు చాలా ఆసరా. అంతేగానీ నాలుక మీద కరిగింది కదా అని త్వరగా పనిచేస్తుందనుకోకు, దీనికీ అరగంటా గంటా పడుతుంది.

ఇది ఓ మోస్తరు నొప్పి, నాప్రాక్సెన్‌తో పోతుంది అనిపిస్తే దాంతోనే ఆగు. పని మానేసి పడుకోబెట్టే రకం అని నీకే తెలిసిపోతే రెండూ కలిపి వేసుకోవచ్చు, డాక్టరు అలాగే చెప్పారు. రిజాట్రిప్టాన్ వేసుకున్నాక మెడ, ఛాతీ కాస్త బిగుసుకున్నట్టు, ఒళ్లు వెచ్చబడ్డట్టు ఉంటే కంగారు పడకు, కాసేపటికి పోతుంది. కానీ ఛాతీలో గట్టి నొప్పి వచ్చి, చెమటలు పట్టి, ఆయాసం వస్తే అది వేరే సంగతి, వెంటనే ఆస్పత్రికి.

కళ్ల ముందు మెరిసే వంకర గీతలు వచ్చే రోజులు నీకు కొన్ని ఉంటాయి. ఆ గీతలు ఉన్నంతసేపు రిజాట్రిప్టాన్ వేసుకోకు, నొప్పి మొదలయ్యాకే వేసుకోవాలి. నాప్రాక్సెన్ మాత్రం గీతలు కనిపించినప్పుడే వేసుకోవచ్చు. బండి మీద ఉంటే పక్కకి ఆపి దిగిపో. ఇంటికి దగ్గరే కదా అని నడపకు.

ఇంకో మాట. ఈ మాత్రలు నీకు రాసినవి. అమ్మకి తలనొప్పి వచ్చిందని ఇందులోంచి తీసి ఇవ్వొద్దు. ఆమెకి బీపీ ఉంది, గుండెలో స్టెంట్ ఉంది, రక్తం పలచబడే మందు వాడుతోంది. గుండె జబ్బు, పక్షవాతం, అదుపులో లేని బీపీ ఉన్నవాళ్లకి రిజాట్రిప్టాన్ లాంటి ట్రిప్టాన్లు పనికిరావు. కడుపులో పుండు, కిడ్నీ జబ్బు, ఇలాంటి మాత్రలతో ఆయాసం పెరిగే ఆస్తమా, రక్తం పలచబడే మందులు ఉన్నవాళ్లకి నాప్రాక్సెన్, ఐబుప్రోఫెన్ లాంటివి ప్రమాదం. అమ్మకి పారాసిటమాల్ ఒక్కటే, అదీ లివర్ బాగున్నంత కాలం. నీకు కూడా: నెల తప్పిన అనుమానం ఉంటే పారాసిటమాల్ తప్ప ఏదీ ముట్టుకోకుండా డాక్టరుకి ఫోన్ చెయ్.

గది

కర్టెన్లు వేసెయ్. ఫ్యాను చప్పుడు కూడా భరించలేకపోతే వేగం తగ్గించు. వంటింటి తలుపు మూసెయ్, ఒంట్లో బాగున్నప్పుడు ఇష్టమైన సెంటే అప్పుడు కడుపులో తిప్పుతుంది. ఐస్ ముక్కలు పలచటి గుడ్డలో చుట్టి నుదుటి మీద, కణత మీద, లేదా మెడ వెనక ఎక్కడ హాయిగా ఉంటే అక్కడ పావుగంట పెట్టి తీసెయ్. ఐస్ నేరుగా చర్మానికి తగలకూడదు. కొందరికి మెడకి వేడి కాపడమే బాగుంటుంది, తననే అడుగు. జుట్టు గట్టిగా ముడేసుకుని ఉంటే విప్పెయ్. తలకి గుడ్డ కట్టమంటే కట్టు.

తల రెండు దిళ్ల మీద కాస్త ఎత్తుగా పెట్టి పడుకోబెట్టు. నీళ్లు గడగడా తాగించకు, వాంతి అవుతుంది. ఐదు నిమిషాలకొకసారి రెండు గుక్కలు చాలు. వాంతులు అయి ఉంటే నీళ్ల బదులు ఓఆర్‌ఎస్. మొదట్లోనే ఒక చిన్న కప్పు కాఫీ కొందరికి మాత్రకి తోడుగా పనిచేస్తుంది. సాయంత్రం దాటితే మాత్రం వద్దు. అన్నిటికంటే పెద్ద మందు నిద్ర, దాన్ని కాఫీతో చెడగొట్టుకోకూడదు.

కిరణ్, ఇక్కడ నీకొక్కడికే ఓ మాట. "ఎలా ఉంది, తగ్గిందా?" అని పది నిమిషాలకోసారి అడగకు. నొప్పిలో ఉన్నప్పుడు జవాబు చెప్పడం కూడా బరువే. పక్కన ఒక గిన్నె, తడిగుడ్డ, నీళ్లు పెట్టి బయటికి వచ్చెయ్. గంటకోసారి చప్పుడు లేకుండా వెళ్లి చూడు.

రెండు గంటల తర్వాత

తగ్గితే పడుకోనివ్వు. పూర్తిగా తగ్గి, కొన్ని గంటలకి మళ్లీ వస్తే రిజాట్రిప్టాన్ రెండోది వేసుకోవచ్చు, కానీ మొదటిదానికీ దీనికీ మధ్య కనీసం రెండు గంటలు ఉండాలి. ఆ రోజుకి రెండే, మూడోది లేదు. మొదటిది అసలు పనిచేయకపోతే అదే నొప్పికి రెండోది వేసుకుని లాభం లేదు. నాప్రాక్సెన్ వేసుకోకుండా ఉంటే అప్పుడు అది వేసుకో. వేసుకున్న నాప్రాక్సెన్ మీద ఐబుప్రోఫెనో డైక్లోఫెనాకో వేయకు, అవన్నీ ఒకే కుటుంబం. కావాలంటే పారాసిటమాల్ 1000 మిల్లీగ్రాములు చేర్చొచ్చు. ఆరు గంటల లోపు మళ్లీ వద్దు, రోజు మొత్తానికి 4000 దాటకూడదు. జలుబు మాత్రల్లో కూడా పారాసిటమాల్ ఉంటుంది, లెక్కలో కలుపు.

మర్నాడు తల కదిపితే లోపల ఏదో కదిలినట్టు, ఒళ్లు పీల్చేసినట్టు ఉంటుంది. అదీ ఈ జబ్బులో భాగమే, బద్ధకం కాదు.

వేసుకున్న ప్రతి మాత్రనీ క్యాలెండర్‌లో గుర్తు పెట్టు. రిజాట్రిప్టాన్ నెలలో 10 రోజులు, నాప్రాక్సెన్ లాంటివి 15 రోజులు చొప్పున మూడు నెలలు దాటితే, మాత్రే తలనొప్పి తెచ్చిపెడుతుంది. మా వార్డుకి అలా వచ్చేవాళ్లు తక్కువేం కాదు. వారానికి రెండు రోజులు దాటుతోందంటే నొప్పి రాకుండా రోజూ వేసుకునే మందు గురించి డాక్టరుని అడగాలి. ఆయన ప్రొప్రనలాల్ రాస్తే నీ దగ్గర రిజాట్రిప్టాన్ ఉందని తప్పకుండా చెప్పు, రిజాట్రిప్టాన్ డోసు సగానికి తగ్గించాలి. గర్భం రాకుండా ఈస్ట్రోజెన్ ఉన్న మాత్రలు రాస్తామన్నా కళ్ల ముందు గీతల సంగతి చెప్పు. ఆ గీతలతో వచ్చే మైగ్రేన్ ఉన్నవాళ్లకి ఆ మాత్రలతో పక్షవాతం ముప్పు పెరుగుతుంది.

ఇది మైగ్రేన్ కాదు, బయల్దేరు

ఒక్క నిమిషంలోపే తారస్థాయికి చేరే నొప్పి. "జీవితంలో ఇంత నొప్పి ఎరగను" అంటే నమ్ము. మెదడులో రక్తనాళం చిట్లినప్పుడు ఇలాగే వస్తుంది. మాత్రకి తగ్గినా సరే వెళ్లాల్సిందే.

మూతి ఒక పక్కకి పోవడం, చెయ్యి ఎత్తితే జారిపోవడం, మాట ముద్దగా రావడం, కంటిచూపు పోవడం. శ్రావణికి వచ్చే గీతలు చిన్నగా మొదలై పది ఇరవై నిమిషాల్లో పాకుతాయి, గంటలోపు పోతాయి. పక్షవాతం అలా పాకదు, ఉన్నది ఉన్నట్టు ఒక్కసారి పోతుంది. తేడా తెలియకపోతే పక్షవాతమే అనుకో. గీతలు గంట దాటినా, కొత్తగా ఒళ్లు పడిపోయినట్టున్నా అంతే. తను ఆఖరిసారి మామూలుగా ఉన్న టైం గుర్తు పెట్టుకో. రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి సాధారణంగా నాలుగున్నర గంటలే గడువు. ఆస్పిరిన్ ఇవ్వకు, స్కాన్ తీస్తే గానీ గడ్డో రక్తస్రావమో తెలియదు. నోట్లో నీళ్లు కూడా పోయకు.

జ్వరంతో తలనొప్పి, గడ్డం ఛాతీకి ఆనించలేనంతగా మెడ బిగుసుకోవడం, ఒంటి మీద మచ్చలు, మాట్లాడేది పొంతన లేకపోవడం. మెదడు పొరల వాపు కావచ్చు. డెంగీ అనుమానం ఉన్న ఏ జ్వరంలోనూ నాప్రాక్సెన్, ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ ముట్టుకోవద్దు.

తలకి దెబ్బ తగిలాక వచ్చే నొప్పి, దెబ్బ తగిలి కొన్ని రోజులైనా సరే. అమ్మలా రక్తం పలచబడే మందు వాడేవాళ్లయితే చిన్న దెబ్బకైనా.

గర్భంతో ఉన్నప్పుడు, కాన్పయ్యాక ఆరు వారాల వరకు వచ్చే గట్టి తలనొప్పి. బీపీ చూడాలి. 140/90 దాటినా, చూపు మసకబారినా, పొట్ట పైభాగంలో నొప్పి ఉన్నా ఆలస్యం చేయకూడదు.

50 దాటాక మొదటిసారి వచ్చే తలనొప్పి. దువ్వెన తగిలితే కణత నొప్పి పెడుతోందా, నమిలితే దవడ లాగేస్తోందా అని అమ్మని అడుగు. ఔనంటే అదే రోజు డాక్టరుకి చూపించాలి, వదిలేస్తే చూపు పోవచ్చు. కన్ను ఎర్రబడి, నొప్పి పుట్టి, దీపాల చుట్టూ రంగు వలయాలు కనిపించినా అదే తొందర.

ఇంట్లో అందరికీ ఒకేసారి తలనొప్పీ తిప్పుడూ వస్తే ముందు కిటికీలు తెరిచి అందరూ బయటికి రండి. జనరేటరో బొగ్గుల కుంపటో మూసిన గదిలో వెలుగుతుంటే వచ్చే విషవాయువు అది, దానికి వాసన ఉండదు.

ఇవేవీ లేకపోయినా నొప్పి 72 గంటలు దాటినా, చుక్క నీళ్లు కూడా కడుపులో నిలవకపోయినా ఆస్పత్రికి వెళ్లాలి. అక్కడ సూది మందూ సెలైనూ ఎక్కిస్తారు. వారం వారం పెరుగుతూ, దగ్గితే, వంగితే, పడుకుంటే ఎక్కువయ్యే నొప్పిని కూడా ఇంట్లో భరించొద్దు.

స్కూటర్ వెనక కూర్చోబెట్టుకుని తీసుకెళ్లకు, దారిలో స్పృహ తప్పితే పట్టుకోలేవు. అంబులెన్స్‌ని పిలువు. ఫిట్స్ వస్తే ఓ పక్కకి తిప్పి పడుకోబెట్టు, నోట్లో చెంచా గానీ వేలు గానీ పెట్టకు. అక్కడ అడిగితే మూడు సంగతులు చెప్పు: ఎన్ని గంటలకి మొదలైంది, ఎంత వేగంగా పెరిగింది, ఏ మాత్ర ఎన్ని గంటలకి వేసుకుంది. నువ్వు రాసి పెట్టిన ఆ టైం కాగితం జేబులో పెట్టుకుని వెళ్లు, కంగారులో అవన్నీ గుర్తుండవు.