మెడ బిళ్ళ సూది బయాప్సీ: రిపోర్టుకు జతచేసిన వ్యాఖ్య

రోగి: 29 ఏళ్ల స్త్రీ. సొంతూరు హిందూపురం, ఉంటున్నది బెంగళూరు కేఆర్ పురంలో.

పంపిన వివరాలు: కుడివైపు కాలర్ ఎముక పైన 3 నెలలుగా బిళ్ళ, అల్ట్రాసౌండ్‌లో 2.6 సెం.మీ. సాయంత్రం పూట జ్వరం. బరువు 58 నుంచి 52 కిలోలకు తగ్గింది. దగ్గు లేదు.

నమూనా: అల్ట్రాసౌండ్ చూస్తూ సూదితో తీసిన 2 ముక్కలు, 9 మి.మీ., 6 మి.మీ. రెండూ ఫార్మలిన్‌లోనే అందాయి.

అభిప్రాయం: గ్రాన్యులోమాలతో కూడిన లింఫు గ్రంథి వాపు, అనుమానించదగ్గ పెద్ద కణాలు కొన్ని ఉన్నాయి. టీబీ అని గానీ, లింఫు గ్రంథుల క్యాన్సర్ అయిన హాడ్జ్‌కిన్ లింఫోమా అని గానీ ఈ నమూనా మీద నిర్ధారించడం సాధ్యం కాదు. గ్రంథిని మొత్తంగా తీసి పరీక్షకు పంపాలి.

వ్యాఖ్య

అసలు రిపోర్టు ఇంగ్లీషులో ఉంది. ఇంట్లోవాళ్లు కూడా చదువుకునేలా దీన్ని తెలుగులో రాయమని సర్జన్ గారు కోరారు. నిన్న రిపోర్టు కోసం వచ్చిన రోగి అన్నగారు "టీబీనా, క్యాన్సరా, ఒక్క మాట చెప్పండి సార్" అని అడిగారు. ఆ ఒక్క మాట ఈ ముక్కల్లో దొరకలేదు. ఎందుకు దొరకలేదో, ఎలా దొరుకుతుందో కింద రాస్తున్నాను.

చిన్న ముక్క చాలావరకు సూది ఒత్తిడికి నలిగిపోయింది. అక్కడి కణాలు నీలం గీతల్లా సాగిపోయి ఉన్నాయి, చదవడానికి పనికిరావు. పెద్ద ముక్కలో మూడు గ్రాన్యులోమాలు ఉన్నాయి. గ్రాన్యులోమా అంటే, శరీరం సులువుగా వదిలించుకోలేని దాని చుట్టూ రక్షణ కణాలు చేరి కట్టిన గుంపు. వాటిలో ఒకదాని నడుమ కాస్త చచ్చిన కణజాలం ఉంది గానీ, టీబీలో తరచుగా చూసే జున్నులాంటి విస్తారమైన మార్పు లేదు. చుట్టూ చిన్న లింఫు కణాలు, ప్లాస్మా కణాలు, ఇసినోఫిల్స్ కలగలిసి ఉన్నాయి. వాటి మధ్య ఐదు పెద్ద కణాలు కనిపించాయి. కేంద్రకం పెద్దది, దాంట్లో ఎర్రటి చుక్క స్ఫుటంగా ఉంది; ఒక కణంలో కేంద్రకం రెండు తమ్మెలుగా విడిపోయి ఉంది. హాడ్జ్‌కిన్ లింఫోమాను పట్టించే రీడ్-స్టెర్న్‌బర్గ్ కణాలను ఇవి పోలి ఉన్నాయి. "పోలి ఉన్నాయి" అన్న మాటను ఆలోచించే రాశాను. "అవే" అని రాసేంత ఆధారం నా దగ్గర లేదు.

ఆ ఆధారం కోసమే, కణాల్లోని ప్రొటీన్లను రంగుతో పట్టిచూపే ఇమ్యునో పరీక్షలు చేశాం. సీడీ30 రంగు రెండు పెద్ద కణాలకు పట్టింది. ఇది లింఫోమా వైపు మొగ్గే సంగతే. కానీ ఇన్ఫెక్షన్‌లో రెచ్చిన మామూలు లింఫు కణాలకూ సీడీ30 పడుతుంది. తేల్చి చెప్పగలిగేవి సీడీ15, పాక్స్5 అనే మరో రెండు రంగులు. వాటి కోసం, ముక్కను మైనంలో పోతపోసిన బ్లాకును లోపలికి కోసేసరికి ఆ పెద్ద కణాలున్న చోటు అయిపోయింది. కాబట్టి ఆ రెండు స్లైడ్లను దయచేసి "నెగెటివ్" అని చదవవద్దు. అక్కడ పరీక్షించడానికి కణాలే మిగల్లేదు.

టీబీ సంగతీ ఇంతే. జీల్-నీల్సన్ రంగు వేసి రెండు పొరలు పూర్తిగా వెతికాను, క్రిములు కనబడలేదు. ఫంగస్ రంగుల్లోనూ ఏమీ లేదు. గ్రంథుల టీబీలో క్రిములు చాలా తక్కువగా ఉంటాయి. ఇంత చిన్న ముక్కలో అవి కనబడకపోవడం టీబీ లేదనడానికి చాలదు.

గ్రాన్యులోమాలు ఉన్నాయి కాబట్టి టీబీయే అనుకోవడం మన దేశంలో సహజం, చాలాసార్లు నిజం కూడా. అయితే హాడ్జ్‌కిన్ ఉన్న గ్రంథిలోనూ గ్రాన్యులోమాలు కడతాయి. రెండు జబ్బులూ ఒకే మనిషిలో ఉండటమూ ఉంది. ఈ చిక్కు పాతదే: 1898లో స్టెర్న్‌బర్గ్ ఈ కణాలను వర్ణించినప్పుడు జబ్బును టీబీలో ఒక రకమనే అనుకున్నాడు. పైగా హాడ్జ్‌కిన్ గ్రంథిలో అసలు జబ్బు కణాలు మొత్తంలో నూటికి పదికి మించి ఉండటం అరుదు, ఒక్కోసారి వెయ్యికి ఒకటే. మిగతాదంతా చుట్టూ పోగైన మామూలు కణాలే. సన్నని సూది ముక్కలో అవి తగలడం, తగలకపోవడం అదృష్టం మీద ఆధారపడుతుంది. అందుకే మళ్లీ సూదితో తీయమని నేను సలహా ఇవ్వడం లేదు.

సర్జన్ గారికి: వీలైనంతలో పెద్ద గ్రంథిని పొర చిట్లకుండా మొత్తంగా తీయండి. పెట్-సీటీ చేయిస్తే, అందులో ఎక్కువగా వెలిగిన, చేతికి అందే గ్రంథిని ఎంచుకోండి. గజ్జల్లో బిళ్ళ తీయడం సులువే అయినా అక్కడ పాత వాపుల మచ్చలు ఉండి అయోమయం పెంచుతాయి, అది వద్దు. తీసిన గ్రంథిని ఫార్మలిన్‌లో వేయకుండా, సెలైన్‌లో తడిపిన గాజుగుడ్డలో చుట్టి వెంటనే ల్యాబుకు పంపండి. పంపే ముందు ఫోన్ చేస్తే మా వాళ్లు సిద్ధంగా ఉంటారు. శనివారం సాయంత్రం చెప్పకుండా వస్తే మాత్రం తాజా ముక్క పాడయ్యే ప్రమాదముంది. గ్రంథిని ఇక్కడ నేనే కోసి, ఒక భాగం క్రిమిని పెంచి చూసే టీబీ కల్చర్‌కు, క్రిమి జన్యువును వెతికే సీబీనాట్‌కు, ఒక భాగం కణాల రకాలను లెక్కించే ఫ్లో సైటోమెట్రీకి పెట్టి, మిగతాదంతా ఫార్మలిన్‌లో వేస్తాను. ఒకసారి ఫార్మలిన్ తగిలితే కల్చర్ కుదరదు. మొదటి నమూనాలో మనం పోగొట్టుకున్నది ఇదే.

ఆ లోపల స్టెరాయిడ్లు ఏ రూపంలోనూ ఇవ్వవద్దని గట్టిగా కోరుతున్నాను. లింఫోమా అయితే బిళ్ళ కరిగి, స్లైడు మీద గుర్తుపట్టరాకుండా పోతుంది. జ్వరానికి లీవోఫ్లాక్సాసిన్ లాంటి మందులు కూడా వద్దు, టీబీ క్రిమిని అణచి కల్చర్‌ను తప్పుదోవ పట్టిస్తాయి. రోగి పరిస్థితి నిలకడగా ఉన్నంతవరకు టీబీ మందులూ ఆపి ఉంచాలని నా అభిప్రాయం. ఈ రిపోర్టు ఆధారంగా ప్రభుత్వ టీబీ పోర్టల్ నిక్షయ్‌లో "పరీక్షలో తేలిన టీబీ"గా నమోదు చేయవద్దు. ఛాతీ ఎక్స్-రే, హెచ్ఐవీ, ఎల్‌డీహెచ్ ఫలితాలు నాకు అందలేదు. చేయించి ఉంటే కొత్త నమూనాతో పాటు పంపండి.

రోగికి, ఇంట్లోవాళ్లకు: అమ్మా, మీకు క్యాన్సర్ అని ఈ రిపోర్టు చెప్పడం లేదు. లేదని కూడా చెప్పడం లేదు. టీబీ అయితే మందులతో నయమవుతుంది. హాడ్జ్‌కిన్ కూడా చికిత్సకు బాగా లొంగే జబ్బే, చాలామందికి పూర్తిగా నయమవుతుంది. కానీ ఒకదాని మందు రెండోదానికి పనిచేయదు. ఊరికి వెళ్లి నెల తర్వాత చూద్దాం అనుకోకండి, ఈ పది రోజుల్లోనే బిళ్ళ తీయించుకోండి. మామూలుగా ఇది చిన్న ఆపరేషనే; ఏ గ్రంథి తీస్తారో, మత్తు ఎలా ఇస్తారో సర్జన్ గారు చెబుతారు. ఈలోగా ఆయాసం వచ్చినా, ముఖమూ మెడా ఉబ్బినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లి ఈ కాగితం చూపించండి.

గ్రంథి అందాక మొదటి రిపోర్టుకు 3 పనిదినాలు, ఇమ్యునో ఫలితాలకు మరో 3 రోజులు పడుతుంది. సీబీనాట్ ఫలితం అంతకంటే ముందే వస్తుంది, రాగానే సర్జన్ గారికి నేనే ఫోన్ చేసి చెబుతాను. కల్చర్‌కు 6 వారాల దాకా పట్టవచ్చు. దాని కోసం మిగతా రిపోర్టును ఆపను. ఇప్పటి స్లైడ్లు, బ్లాకులు మా దగ్గరే ఉన్నాయి, కొత్తవాటిని వీటి పక్కన పెట్టి చదువుతాను. వేరే చోట రెండో అభిప్రాయం కావాలంటే స్లైడ్లు, బ్లాకులు అడిగిన రోజే ఇస్తాం.