పాముకాటు వ్యాసం: ఈ వారం పోస్టులు

సోమవారం

వానలు మొదలయ్యాయి, నాట్లు పడుతున్నాయి. పోయిన నెల పాముకాటు మీద రాసిన పెద్ద వ్యాసాన్ని చాలామంది పూర్తిగా చదవలేకపోయామన్నారు. అందుకే అందులోని విషయాలను ఈ వారం రోజుకొకటిగా చెబుతాను.

ముందు కట్లపాము గురించి. ఇది రాత్రిపూట తిరిగే పాము. నేల మీద పడుకున్నవాళ్లను నిద్రలోనే కాటేస్తుంది. కోరలు చిన్నవి కాబట్టి గాటు కనిపించకపోవచ్చు, వాపు కూడా ఉండకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పితో లేస్తారు. అజీర్ణం అనుకొని ఇంట్లో వాము నీళ్లు ఇస్తారు. ఈలోగా కనురెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది, ఆ తర్వాత ఊపిరి అందదు. నేల మీద పడుకున్న మనిషికి పొద్దున్నే రెప్పలు బరువెక్కాయంటే కాటు గుర్తు కోసం వెతుకుతూ కూర్చోవద్దు, వెంటనే బండి ఎక్కించండి.

మంచం మీద పడుకోండి. దోమతెర అంచులను పరుపు కిందికి దోపండి.

మంగళవారం

"కాలికి గట్టిగా తాడు కట్టాం సార్." ప్రాణం నిలపాలన్న ఆత్రుతతోనే కడతారు, ఆ ప్రేమను నేను తప్పుపట్టను. కానీ రక్తపింజరి విషం కరిచిన చోట కండను కూడా దెబ్బతీస్తుంది. తాడు బిగిస్తే రక్తం ఆడక ఆ కాలే పాడవుతుంది. బ్లేడుతో కోయడం మరీ ప్రమాదం: ఈ విషానికి రక్తం గడ్డకట్టే గుణం పోతుంది, కోసిన చోట కారుతూనే ఉంటుంది. నోటితో పీల్చినా విషం బయటికి రాదు.

చేయాల్సింది వేరు. ఉంగరం, గాజులు, మెట్టెలు, పట్టీలు వెంటనే తీసేయండి. వాపు వచ్చాక అవి రావు. విరిగిన ఎముకకు కట్టినట్టు కర్ర ఆనించి, కరిచిన కాలో చెయ్యో కదలకుండా వదులుగా గుడ్డ చుట్టండి. మనిషిని నడిపించకండి.

గురువారం

ఏ పాము కరిచిందో తెలియకపోతే వైద్యం ఎలా? చాలామంది ఇదే అడిగారు. మన దేశంలో ఎక్కువ ప్రాణాలు తీసేవి నాలుగు: నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి. ఈ నాలుగింటికీ ఒకటే విరుగుడు మందు, యాంటీ స్నేక్ వెనమ్. గుర్రాలకు కొద్దికొద్దిగా విషమెక్కించి, వాటి రక్తంలో పుట్టిన ప్రతిరక్షకాలతో దీన్ని తయారుచేస్తారు. కాబట్టి పామును చంపి ఆసుపత్రికి తేనక్కరలేదు. దాన్ని వెతకబోయి రెండో మనిషి కాటు తినవద్దు.

డాక్టరు చేసే ఒక పరీక్షకు యంత్రమేదీ అక్కరలేదు. పొడిగా ఉన్న శుభ్రమైన గాజుగొట్టంలో రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి, 20 నిమిషాలు కదపకుండా ఉంచుతారు. తర్వాత వంచి చూస్తారు. గడ్డకట్టకుండా నీళ్లలా జారితే రక్తంలోకి విషం ఎక్కిందని అర్థం. వైద్యం ఆలస్యం చేస్తున్నారని ఆ 20 నిమిషాల్లో దయచేసి గొడవ పడకండి.

ఇంకొక మాట. చిన్నపిల్లలకైనా పెద్దలకిచ్చినంత మోతాదే ఇస్తారు. పాము వయసు చూసి విషం తగ్గించదు కదా.

శుక్రవారం

పొలం పనికి వెళ్లేవాళ్లకు: చీకట్లో టార్చి, కాళ్లకు బూట్లు. గడ్డివామిలో, కట్టెల మోపులో చెయ్యి పెట్టేముందు కర్రతో కదపండి. ఇంటి చుట్టూ ఎలుకలు లేకుండా చూసుకోండి, వాటి కోసమే పాములు వస్తాయి.

ఆదివారం

"మా తాతకు మంత్రంతోనే తగ్గింది" అని ఒక అన్న రాశారు. తగ్గిందంటే నమ్ముతాను. మన చుట్టూ తిరిగే పాముల్లో ఎక్కువ వాటికి విషం లేదు. విషమున్న పాము కూడా ఒక్కోసారి కాటు వేసి విషం వదలదు. అలాంటివాళ్లు ఏమీ చేయకపోయినా బతుకుతారు, ఆ పేరు మంత్రానికి వస్తుంది. మరి విషం ఎక్కినవాళ్లు? ఆ గంటా రెండు గంటలూ మంత్రం దగ్గరే గడిచిపోతే వాళ్ల తరఫున చెప్పడానికి ఎవరూ మిగలరు. మన దేశంలో పాముకాటుతో ఏటా సుమారు 58,000 మంది చనిపోతున్నారని 2020లో వెలువడిన అధ్యయనం అంచనా వేసింది. 2030 నాటికి ఈ మరణాలను సగానికి తగ్గించాలని కేంద్రం 2024లో ప్రణాళిక ప్రకటించింది.

మంత్రం మీద నమ్మకముంటే ఆసుపత్రికి వెళ్లే దారిలో చదివించుకోండి, బండి మాత్రం ఆపవద్దు. 108కి ఫోన్ చేసినప్పుడు కరిచిన సమయం, శరీరంలో ఎక్కడ కరిచిందో, రెప్పలు వాలుతున్నాయా, చిగుళ్ల నుంచి రక్తం వస్తోందా చెప్పండి. మీకు దగ్గరలో విరుగుడు మందు ఉండే ప్రభుత్వ ఆసుపత్రి ఏదో ఈరోజే కనుక్కొని, ఆ నంబరు ఇంట్లో గోడ మీద రాసి పెట్టండి.