రేపటి జ్యూరీ ప్రశ్నలు: పోచంపల్లి చేనేత సెంటర్, మూడో సంవత్సరం స్టూడియో

రేపు పొద్దున పదింటికి మొదలు. ప్రశ్నలు ముందే పంపిస్తున్నా, మిమ్మల్ని ఇరుకున పెట్టడం నాకేమీ సరదా కాదు. ఒక్కొక్కరికి ఇరవై నిమిషాలు, అందులో మీరు మాట్లాడేది ఏడెనిమిది, మిగతా టైమంతా మాది. ప్రాజెక్టు అందరిదీ ఒకటే కదా: భూదాన్ పోచంపల్లి ఊరి అంచున ఎకరంన్నర, ఇరవై నాలుగు గుంట మగ్గాలు, అద్దకం షెడ్డు, దుకాణం, పిల్లల గది. "ఇకత్ డిజైన్‌నే ప్లాన్‌గా మలిచాం" అని మాత్రం మొదలుపెట్టకండి, ప్లీజ్.

సైట్

సైట్‌కి ఏ టైమ్‌లో వెళ్లారు? మధ్యాహ్నం మాత్రమే వెళ్లి ఫొటోలు తీసుకొచ్చినవాళ్లకి తెల్లవారుజామున ఆ వీధిలో ఏం జరుగుతుందో ఎలా తెలుస్తుంది? పడుగు సాగదీయడానికి వాళ్లకి ఎంత పొడుగు జాగా కావాలో ఎవరినైనా అడిగారా, లేక అంచనాగా గీశారా?

మీ సైట్‌లో నేల చల్కా, రేగడా? వానాకాలంలో గుంటలోకి ఊట వస్తే నేతకారుడి కాళ్లు ఎక్కడ పెట్టుకోవాలి? ప్లింత్ ఎత్తు ఎంత పెట్టారు, గుంట అడుగు ఆ లెవెల్ నుంచి ఎంత కిందకి పోతుంది? ఈ రెండూ ఒకే సెక్షన్‌లో చూపించండి. ప్లాన్‌లో చిన్న దీర్ఘచతురస్రం గీసి "గుంట" అని రాస్తే ఒప్పుకోను.

అందరూ నార్త్ లైట్ పెట్టారు, బాగుంది. కానీ మనం ఉన్నది 17 డిగ్రీల అక్షాంశం పైచిలుకులో. మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నం సూర్యుడు మనకి ఉత్తరం వైపే ఉంటాడు. మరి ఆ నెలల్లో మీ ఉత్తరపు కిటికీలోంచి ఎండ నేరుగా పడుగు మీద పడదా? దానికి చజ్జా ఎంత, ఏ లెక్కన? సన్‌పాత్ డయాగ్రామ్ షీట్ మీద అందంగా అతికించారు, అది చూసి డిజైన్‌లో ఏ ఒక్క గీతైనా మార్చారా?

బోరు నీళ్ల సంగతి. నల్లగొండ వైపు ఫ్లోరైడ్ గురించి అందరూ రాశారు, తాగే నీళ్లకి అది సరే. అద్దకానికి నీళ్ల కాఠిన్యం కూడా లెక్కలోకి వస్తుంది, దాని గురించి ఎవరూ ఒక్క ముక్క రాయలేదేం?

రాకపోకలు

నా అసలు టెన్షన్ ఇక్కడే.

ఒక నూలు చిలప మీ గేటు లోపలికి వచ్చింది అనుకోండి. దాన్ని వేలితో చూపిస్తూ నడిపించండి: ఆసు, చిటికి, అద్దకం, ఆరబెట్టడం, మగ్గం, మడత, దుకాణం. మధ్యలో ఎన్నిసార్లు వెనక్కి తిరిగింది? తడి నూలు పట్టుకుని నడిచే మనిషి, కెమెరా పట్టుకుని వచ్చే టూరిస్టు ఎక్కడెక్కడ ఎదురుపడుతున్నారు? ఒకరి ప్లాన్‌లో అద్దకం నుంచి ఆరబెట్టే జాగాకి దారి దుకాణం వరండా మీదుగా పోతోంది, రంగు చుక్కలు పడే ఫ్లోర్ మీద కస్టమర్ చీరలు పరిచి చూస్తారా?

ఆసు పోసేది ఎక్కువగా ఆడవాళ్లు. చింతకింది మల్లేశం గారి లక్ష్మీ ఆసు మెషిన్ వచ్చాక ఒక చీరకి వేల సార్లు చెయ్యి ఆడించే బాధ తప్పింది, మరి ఆ మెషిన్‌కి మీరు జాగా, కరెంటు పాయింటు ఇచ్చారా? పిల్లల గది అక్కణ్నుంచి కనపడుతుందా, లేక భవనం అవతలి కొసకి నెట్టేశారా?

నూలు గోదాముకి ఒకటే తలుపు ఉంది. నిప్పు ఆ తలుపు దగ్గరే అంటుకుంటే లోపలివాళ్లు ఎటు పోవాలి?

ర్యాంపు 1:12 అని రాశారు, కొలిస్తే 1:8 వస్తోంది. ఎవరిదో చెప్పను, వాళ్లకే తెలుసు.

మెటీరియల్స్

అద్దకం షెడ్డులో షాబాదు బండలు ఎందుకు? చవక, ఇక్కడ దొరుకుతాయి, కడగడం తేలిక, ఒప్పుకుంటా. కానీ అది సున్నపురాయి, పట్టుకి అద్దేటప్పుడు వాడే యాసిడ్ పడితే పాలిష్ పోయి గరుకెక్కుతుంది. ఆ ఒక్క షెడ్డుకైనా గ్రానైట్ ఆలోచించారా? వాడిన రంగు నీళ్లు ఏ డ్రెయిన్‌లోకి పోతున్నాయి? షీట్ మీద బాణం గుర్తు కాంపౌండ్ గోడ దగ్గర ఆగిపోయింది, నీళ్లు కూడా అక్కడే ఆగుతాయా?

మగ్గాల హాలు మీద రేకులు వేసినవాళ్లకి: మే నెల మధ్యాహ్నం లోపల ఎంత వేడి ఉంటుంది? గాలి బాగా పొడిబారితే పోగులు తెగుతాయని తెలుసా? గుంట మగ్గం నేలకి అంటుకుని ఉండడం వెనక ఆ చెమ్మ లాభం కూడా ఉంది. మట్టి ఇటుక గోడ వేసినవాళ్లు సిమెంటు ఎంత శాతం కలుపుతున్నారు, మట్టి ఏ గుంత నుంచి తెస్తారు? రాట్ ట్రాప్ బాండ్ గీసినవాళ్లు కరెంటు పైపులు, మగ్గం పైభాగం వేలాడదీసే తాళ్ల కొక్కేలు ఆ గోడలో ఎక్కడ బిగిస్తారు?

ఎస్టిమేట్ షీట్ లేకుండా ఎవరూ రావద్దు. పైకప్పు చదరపు అడుగు రేటు అడుగుతా, అదే రేటుకి ఇంకో కప్పు ఏది వస్తుందో కూడా అడుగుతా. మోడల్స్ తొమ్మిదిన్నరకల్లా హాల్లో పెట్టేయండి, స్కేలు, టేపు మీరే తెచ్చుకోండి.